మేలు చేసినాయన ఫొటో గ్రూపుల పెట్టాలెనా?

తమ్ముడు: అన్నా, పొద్దున పంపిన మెసేజ్ చదివినవా? మన గొల్లపల్లి గ్రూపుల ఇంకా పెట్టలే. నువ్వు ఆగుమన్నవని ఆగిన. తొవ్వల పడిపోయేటట్టున్న మా బాపును కూసోబెట్టి, తేరుకున్నంక జగిత్యాల దవాఖానకు తీసుకపోయిండు ఆ మనిషి. గసొంటాయనకు నలుగుర్ల దండం పెడితె తప్పేందో చెప్పు.

అన్న: దండం పెట్టుడు తప్పని నేనన్లే తమ్మీ. నువ్వు రాసింది మళ్ళొకసారి చదువుకో. దాంట్ల ఆ మనిషి ముఖం ఫొటో ఉన్నది, ట్రాలీ ఆటో నంబర్ ఉన్నది, "దేవుని లెక్క వచ్చిండు" అని ఉన్నది. ఆయన ఏం చేసిండన్నది మాత్రం "సాయం చేసిండు" అని ఒక్క ముక్కతోని పోయింది. మనిషిని మొత్తం బయట పెట్టినవ్, పనిని మొత్తం దాసినవ్.

తమ్ముడు: నంబర్ పెట్టింది ఊకెనే కాదు. గ్రూపుల రోజూ ఎన్ని వస్తున్నయో నువ్వు చూస్తనే ఉన్నవ్. "పర్సు దొరికితె తిరిగిచ్చిన మహానుభావుడు, పది మందికి పంపున్రి" అని వస్తది. ఏ ఊరో ఉండదు, ఏ రోజో ఉండదు. అందరు రెండు చేతులు జోడించిన బొమ్మ కొట్టి ఊకుంటరు, ఒక్కలు నమ్మరు. నాది గుడ అండ్లనే కలిసిపోవద్దంటె ఏదన్న గురుతు కావాలె. బండి నంబర్ ఉంటె ఎవలకన్న అనుమానమొస్తె తెలుసుకుంటరు. నేను అబద్ధం చెప్తలేనని అదే సాక్ష్యం.

అన్న: ఆ సాక్ష్యం బరువు మోసేదెవలు? అనుమానమొచ్చినోడు నీకు ఫోన్ చెయ్యడు, ఆయన ఇంటికి పోతడు. ట్రాలీల ఎవలదో సరుకు ఉండె అని నువ్వే చెప్పినవ్. సరుకు ఎందుకు ఆలిస్యమైందని ఆ షావుకారి అడిగితె ఏం చెప్పుకున్నడో మనకు తెల్వది. నువ్వు ఫొటో పెట్టినంక ఆ షావుకారికి గుడ తెలుస్తది. దీని మీద చట్టమే ఉన్నది. మోటారు వాహనాల చట్టానికి 2019ల చేసిన సవరణతోని 134ఏ అనే సెక్షన్ వచ్చింది. 2020 సెప్టెంబర్ల దాని రూల్స్ గుడ వచ్చినయ్. రోడ్డు ప్రమాదంల దెబ్బతగిలినోణ్ణి దవాఖానకు తెచ్చిన మనిషిని పేరు చెప్పుమని, అడ్రస్ చెప్పుమని పోలీసులు గాని దవాఖానోళ్లు గాని బలవంత పెట్టొద్దు. మన కాకది ప్రమాదం కాదు, షుగర్ పడిపోయింది, కాబట్టి ఆ సెక్షన్ దీనికి అంటదు. కాని దాని వెనుక ఉన్న ఆలోచన అంటది. పోలీసే అడగొద్దన్న పేరును నువ్వు అడగకుంటనే ఊరందరి ముందట పెడుతున్నవ్.

తమ్ముడు: చట్టం బలవంత పెట్టొద్దన్నది, చెప్పొద్దనలే. ఇష్టముంటె చెప్పుకోవచ్చు. ఇంకో మాట గుడ యాది చేసుకో. గదే కేంద్ర సర్కారు 2021ల ప్రమాదంల ప్రాణం కాపాడినోళ్లకు 5,000 రూపాయలిచ్చుడు షురూ చేసింది, 2025ల దాన్ని 25,000కు పెంచింది. పేరే బయటికి రాకుంటె ఆ పైసలు ఎవలకిస్తరు, సర్టిఫికెట్ మీద ఏం రాస్తరు? దాసుకునే హక్కును, మెప్పు పొందే హక్కును సర్కారు రెంటినీ ఒక్కతీరుగనే చూసింది. నువ్వు మొదటిదే పట్టుకుంటున్నవ్.

అన్న: ఆ మాట ఒప్పుకుంట. కాని ఆ పైసలు ఎట్ల ఇస్తరో చూడు. ఎవలో గ్రూపుల పెట్టిన మెసేజ్ చూసి ఇయ్యరు. పోలీసులో, డాక్టరో ఆ మనిషిని చూసి, జరిగింది నిజమేనని రాసిస్తె అది జిల్లా కమిటీకి పోతది. అంటె ముందుగాల ఆయన ఎదురుంగ ఉండాలె, ఆయనకు తెల్వాలె, ఆయన ఊ కొట్టాలె. నువ్వు రాసిన దాంట్ల ఆయన ఊ కొట్టిన ముచ్చట యాడున్నది?

తమ్ముడు: లేదు. ఆయన ఆగనే లేదు కద! మా బామ్మర్ది దవాఖాన గేటు కాడ ఫొటో తీసేసరికి బండి తిప్పుతున్నడు. పేరు అడుగుదామనే సోయి మాకు లేకుండె. సరే, నువ్వు చట్టం చెప్పినవ్ కాబట్టి నేనొక ముచ్చట చెప్త. 2024 జూన్ నెల, కరీంనగర్ బస్టాండ్. ఒడిశా నుంచి బతుకుదెరువుకు వచ్చిన ఒక ఆడిమనిషికి ఆడనే నొప్పులొచ్చినయ్. 108కు ఫోన్ చేసిన్రు గాని అది వచ్చేదాంక ఆగేటట్టు లేదు. ఆర్టీసీల పని చేసే ఆడోళ్లు చీరెలు అడ్డం పట్టి కాన్పు చేసిన్రు. ఆడపిల్ల పుట్టింది. ఆర్టీసీ ఆ సిబ్బందికి సన్మానం చేసింది, పిల్లకు జిందగీ మొత్తం ఫిరీ బస్ పాస్ ఇచ్చింది. ఎవలూ చెప్పకుండ, ఎవలూ రాయకుండ ఉంటె బస్టాండ్ల ఊడ్చే అక్కలు చేసిన పని ఎవలకు ఎరుక? పెద్దోళ్లు చిన్న పని చేసినా పేపర్ల వస్తది. చిన్నోళ్లు పెద్ద పని చేస్తె మనసొంటోళ్లు చెప్తెనే బయటికి వస్తది.

అన్న: అది మంచి ముచ్చటే. నన్ను నమ్మించింది ఏందో తెలుసా? వాళ్ల పేర్లు కాదు, పేర్లు నాకిప్పుడు యాదికి లేవు. చీరెలు అడ్డం పట్టిన్రన్న ఒక్క మాట. అది చూసినోడు చెప్పే మాట, ఊహించుకొని రాసేటోనికి తట్టదు. ఇంక రెండో దిక్కు చూడు. ఆ వార్తల్ల మెప్పు పొందినోళ్లతోని పాటు కాన్పైన తల్లి పేరు, ఊరు గుడ వచ్చినయ్. చీరెలు పట్టింది ఆమెను ఎవలూ చూడొద్దని. మెచ్చుకునే తొందరల ఆ చాటును మనమే తీసేసినట్టు కాలేదా?

తమ్ముడు: ఆ తల్లి సంగతి నేను ఇంతదాంక ఆలోచించలే. అది నిజమే. కాని దాని మీదికెళ్లి అసలు చెప్పుడే వద్దంటె నేనొప్ప. 2018 మే నెల యాదికున్నదా? పిల్లలను ఎత్తుకపోయే గ్యాంగులు తిరుగుతున్నయని తెలంగాణ మొత్తం ఫోన్లల్ల పుకార్లు. కొత్తోడు కనబడితె కట్టేసి కొట్టిన్రు, పాణాలు పోయినయ్. గా యాడాది జులైలనే వాట్సాప్ మన దేశంల ఒక మెసేజ్‌ను ఐదు కంటె ఎక్కువ చాట్లకు ఒక్కసారి పంపకుంట కట్టడి చేసింది. తెల్వని మనిషంటె భయపడాలెనని ఈ ఫోన్లే నేర్పినయ్. తెల్వని మనిషి బండి ఆపి మా బాపును బతికించిండని అదే ఫోన్ల చెప్పకపోతె ఆ భయానికి విరుగుడు యాడికెళ్లి వస్తది?

అన్న: ఈ మాటకు నా తాన ఎదురు జవాబు లేదు. చెప్పాలె, గ్రూపులనే చెప్పాలె. ఆయన చెవుల ఒక్కనికే థాంక్స్ చెప్తె మీ బాకీ తీరుతది గాని ఊరి మనసు మారదు. ఇగ ఏం చెప్పాలె అన్నదొక్కటే మన పంచాది. జరిగింది జరిగినట్టు ఒకసారి నాకు చెప్పు. మెసేజ్‌ల రాసినట్టు కాదు, ఇంట్ల చెప్పుకున్నట్టు.

తమ్ముడు: మంగళవారం బాపు పొద్దుగాల షుగర్ గోలీ ఏసుకున్నడు, బువ్వ తినకుంటనే ఎక్స్ఎల్ బండి మీద జగిత్యాల పోయిండు. తిరిగొచ్చేటప్పుడు పగటీలి కండ్లు తిరిగినయట. బండి పక్కకు ఆపి కానుగ చెట్టు కింద కూలబడ్డడు. అంగి మొత్తం చెమట, చేతులు వణుకుడు, మాట ముద్దముద్ద. ఇద్దరు ముగ్గురు చూసి తాగిండనుకొని పోయిన్రు. ఈయన ట్రాలీ ఆపి దగ్గరికొచ్చి మొదలు అడిగిన మాట, "పెద్దాయినా, షుగర్ ఉన్నదా?" ఆయన అమ్మకు గుడ గిట్లనే అయితదట. బాపు తల ఊపిండు. ఉరికిపోయి కిరాణం కొట్టుల కూల్ డ్రింక్ తెచ్చి, మింగుతున్నడా లేదా చూసుకుంట గుక్క గుక్క తాపిండు. పావుగంట పక్కనే కూసున్నడు. చెమట ఆరి మాట తిరిగినంక తన సద్ది డబ్బ తీసి నాలుగు ముద్దలు తినిపిచ్చిండు. అప్పుడు బాపు ఫోన్ తీసుకొని నాకు చేసిండు. ఎక్స్ఎల్ కిరాణమాయనకు అప్పజెప్పి, దాని తాళంచెవి బాపు తువ్వాల కొసకు ముడేసిండు. మేము దవాఖానకు పోయేసరికి బాపును బల్ల మీద కూసోబెట్టి ఉన్నడు. డీజిల్ పైసలన్న తీసుకోమంటె, "నా సద్ది సగం ఒడిసింది, ఇంటికి పోయి తింట" అన్నడు. గంతే, పోయిండు.

అన్న: మరి ఇదంత ఎందుకు రాయలే? సద్ది డబ్బ ముందట బండి నంబర్ ఎంత తమ్మీ? ఆ మనిషికి ఏం ఖర్చయిందో దాంట్ల ఉన్నది: ఒక గంట, సగం సద్ది. ఆయన ఏం మాట్లాడిండో ఉన్నది. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుస ఉన్నది. ఎవలూ కల్పించి రాయలేరు. ఇంకా ఒకటి. ఇది చదివినోడు రేపు ఇంకొకల పాణం కాపాడుతడు. షుగర్ పడిపోయినోడు తెలివితోని ఉండి మింగగలిగితె మూడు నాలుగు చెంచాల చెక్కెర గాని, గ్లాసు తియ్యటి కూల్ డ్రింక్ గాని ఇయ్యాలె. షుగర్ లేని రకం కూల్ డ్రింక్ పనిచెయ్యది. పావుగంటల తేరుకోకుంటె మళ్ళ ఇయ్యాలె. తెలివి తప్పినోని నోట్లె మాత్రం ఏం పొయ్యొద్దు, గొంతుకు అడ్డం పడ్తది, 108కే చెయ్యాలె. "కూల్ డ్రింక్ తాపిండు" అని సగమే రాస్తె చదివినోడు తెలివిలేనోని నోట్లె గుడ పోస్తడు. "మింగుతున్నడా లేదా చూసుకుంట" అన్న నీ మాట తప్పక ఉండాలె.

తమ్ముడు: అట్లయితె "తాగిండనుకొని పోయిన్రు" అన్న మాట గుడ ఉండాలె. అసలు ముచ్చటే అది. తూలేటోళ్లందరు తాగినోళ్లు కాదని ఊరికి తెల్వాలె. ఆ మాట తీసేస్తె ఆయన చేసిన పని విలువనే తెల్వది. అందరు ఇడిసిపెట్టి పోయినకాడ ఆగిండు ఆయన.

అన్న: ఆ మాట రాస్తె ఏమైతదో నేను చెప్త. పది దినాలకు సద్ది డబ్బ యాది మర్చిపోతరు. "ఫలానాయన తాగి తొవ్వల పడ్డడట కద" అన్నది మిగులుతది. ఇంకోటి, అటుకెళ్లి పోయిన ఇద్దరు ముగ్గురు మన గ్రూపులనే ఉండొచ్చు. వాళ్లను తిట్టనీకె మెసేజ్ పెట్టినట్టు అయితది. థాంక్స్ చెప్తె ఒకలు మంచిగ కనబడాలె గాని నలుగురు దొంగలు కావద్దు. అసలు కాకను అడిగినవా?

తమ్ముడు: అడిగిన. "షుగర్ సంగతి రాస్తె రాయి, ఊరందరికీ ఎరుకే. తాగిండనుకున్నరని మాత్రం రాయకు" అన్నడు. నాకు కోపమొచ్చింది. పరువుకు భయపడి అసలు మాటనే మింగేస్తున్నడనిపిచ్చింది. కాని పడ్డది ఆయన, నేను కాదు. ఆయన వద్దన్నది రాస్తె, పొద్దున ఆ ట్రాలీ ఆయనకు చేద్దామనుకున్న పనే బాపుకు చేసినట్టు.

అన్న: ఆ మాట ఇంకో తీరుగ రాయొచ్చు. కాక మీద పెట్టకుంట అందరికి చెప్పినట్టు రాయి. "తొవ్వ పొంటి ఎవలన్న చెమటలు పట్టి తూలుతుంటె, ముందుగాల షుగర్ ఉన్నదా అని అడుగున్రి. ఆయన అడిగింది గదే." తాగుడు మాట లేకుంటనే తగలాల్సినోనికి తగులుతది.

తమ్ముడు: ఇది మంచిగున్నది. సగం పదును పోయింది గాని మంచిగనే ఉన్నది.

అన్న: పదును నాకు గుడ కావాలె, అది ఎవలకు తెగుతదన్నదే నా భయం. పెట్టేముందు ఇంకో పని చెయ్యి. మీ తమ్ముడు దుబాయ్‌ల ఉన్నడు, గ్రూపుల గుడ ఉన్నడు. బాపు తొవ్వల పడ్డ సంగతి డ్యూటీల ఉండంగ గ్రూపుల చదివితె ఆ పిల్లగాని గుండె ఆగుతది. ముందుగాల ఫోన్ చేసి బాపుతోని మాట్లాడిపిచ్చు. మన దిక్కు ఊరి గ్రూపంటె సగం గల్ఫే. ఇంట్ల చెప్పాల్సిన మాట ఇంట్ల చెప్పినంకనే ఊర్ల చెప్పాలె.

తమ్ముడు: పొద్దున చెప్పిన. ఇగ నాదొక అనుమానం. పేరు, ఫొటో లేకుంట పెడితె "నేనే, ఆ ట్రాలీ నాదే" అని ఇంకొకడు వస్తె? డీజిల్ పైసలు తీసుకోలేదని రాస్తున్న కద, "ఇప్పుడు కొట్టు, ఫోన్‌పే నంబర్ ఇదే" అంటె? ఫొటో ఉంటె ఆ మోసానికి తావే ఉండదు.

అన్న: ఫొటో ఉంటె ఆ ఫొటోనే పట్టుకొని ఇంకో నంబర్ కాడికెళ్లి అడుగుతరు. మోసం ఆగది, రూపం మారుతది. దీనికి ఉపాయం వేరే ఉన్నది. దొరికిన వస్తువు గురించి చెప్పేటోళ్లు అన్ని గురుతులు చెప్పరు, ఒకటి దాసుకుంటరు. నువ్వు గుడ ఒకటి దాసుకో. తాళంచెవి యాడ పెట్టిండో రాయకు. నేనే అని ఎవలన్న వస్తె గదొక్కటి అడుగు. తువ్వాల కొస అని చెప్పినోడే నిజమైన మనిషి. చదివేటోళ్లకు నమ్మకం కుదరనీకె సద్ది డబ్బ చాలు, నీకు ఆ ముడి చాలు. ఇంక కింద నీ పేరు పెట్టు, నీ నంబర్ పెట్టు. అనుమానమున్నోడు నిన్ను అడుగుతడు.

తమ్ముడు: అట్లనే రాసిన, విను. "గ్రూపుల అందరికి నమస్తే. మంగళవారం పగటీలి జగిత్యాల నుంచి వస్తుంటె మా బాపుకు షుగర్ పడిపోయి తొవ్వ పక్కన కూలబడ్డడు. ఒక ట్రాలీ ఆటో ఆయన ఆగి, షుగర్ ఉన్నదా అని అడిగి, తెలివితోని ఉన్నడని చూసుకొని, మింగుతుంటె గుక్క గుక్క కూల్ డ్రింక్ తాపిండు. పావుగంట కూసోని తన సద్దిల సగం తినిపిచ్చి, మాకు ఫోన్ చేసి, దవాఖానకు తీసుకపోయిండు. పైసలు తీసుకోలే. పేరు అడిగే యాల్ల మాకు దొరకలే. బాపు ఇప్పుడు మంచిగున్నడు. తొవ్వ పొంటి ఎవలన్న చెమటలు పట్టి తూలుతుంటె ముందుగాల షుగర్ ఉన్నదా అని అడుగున్రి, ఆయన అడిగింది గదే. తెలివి లేకుంటె నోట్లె ఏం పొయ్యకున్రి, 108కు చెయ్యున్రి. ఆయన ఈ మెసేజ్ చూస్తె మా ఇంట్ల బువ్వకు రావాలె. ఎవలకన్న అనుమానముంటె నాకు ఫోన్ చెయ్యున్రి." కింద నా పేరు, నంబర్.

అన్న: మంచిగున్నది. ఒక్క అక్షరం తియ్య.

తమ్ముడు: నువ్వు తియ్యవు గాని నాకు ఒకటి తక్కువ కొడుతున్నది. బువ్వకు రమ్మన్నం, కాని ఈ గ్రూపుల ఆయన ఉన్నడో లేడో! మనది గొల్లపల్లి గ్రూపు, ఆయనది ఏ మండలమో. మనమే మనమే చదువుకొని, మంచిగ రాసినవని నన్నే మెచ్చుకుంటరు. ఆయనకు ముట్టని థాంక్స్ ఆయనకు చెప్పినట్టెట్ల అయితది? ట్రాలీ వెనుక రేడియం అక్షరాలతోని ఒక బిడ్డ పేరు రాసున్నది. అదన్న పెడితె ఎవలో ఒకలు గుర్తుపడుతరు.

అన్న: బిడ్డ పేరు నంబర్ కంటె ఎక్కువ చెప్తది. ఈ చుట్టుపక్కల ఆ పేరు రాసుకున్న ట్రాలీలు ఎన్నుంటయ్? నంబర్ తీసేసి దాన్ని పెట్టుడంటె తలుపు మూసి కిటికీ తెరిసినట్టే. ఆయనను వెతకాలెనంటె ట్రాలీ అడ్డా కాడికి నువ్వే పో. అడ్డా మీది పెద్దమనిషికి ఒక్కనికి చెప్పు. ఆయనే అడిగి, ఇష్టమైతె నీకు ఫోన్ చేపిస్తడు. నలుగురికి తెలుస్తది గాని నాలుగు వందల మందికి తెల్వది. వద్దంటె ఆడికే ఆగుతది.

తమ్ముడు: పోత. కాని ఆ అడ్డా ఆయన కాకపోతె? వారం చూసిన, దొరకలే అనుకో. ఆయన ఇష్టం తెల్సుకోవాలెనంటె ముందుగాల ఆయన దొరకాలె, దొరకాలెనంటె గురుతు చెప్పాలె. నువ్వు చెప్పే మర్యాద పాటిస్తె కొందరికి జన్మల థాంక్స్ ముట్టది. ఎక్కువ ముట్టాల్సింది గసొంటోళ్లకే. ఆయన ఆడకట్టోళ్లకు ఆయన ఎసొంటి మనిషో తెల్వది, ఆయన బిడ్డకు గుడ తెల్వది. ఆ నష్టం నీ లెక్కల యాడ రాసినవ్?

అన్న: రాయలే. ఉన్నదని ఒప్పుకుంట. కాని ఆ నష్టం జరిగినా ఆయన రేపు మళ్ళ బండి ఆపుతడు. మనం ఫొటో పెట్టి ఆయనకు తలనొప్పి తెస్తె ఆపేముందు ఒకసారి ఆలోచిస్తడు. రెంట్ల ఏది పెద్ద నష్టమంటె, నాకు రెండోదే పెద్దగ కనబడుతున్నది.

తమ్ముడు: నాకు కనబడ్తలేదు. మెచ్చుకుంటె మనిషి భయపడతడని నువ్వనుకుంటున్నవ్, ఇంకో నలుగురు ఆగుతరని నేననుకుంటున్న. ఇయ్యాల రాత్రి నువ్వన్నట్టే పెడ్త, ఫొటో లేకుంట, రేడియం పేరు లేకుంట. అడ్డా కాడికి రేపు పోత. కాని ఫొటో మాత్రం నా ఫోన్లకెళ్లి తియ్య. తీసెయ్యమనే మాట ఆయన నోట రావాలె, నీ నోట కాదు.

అన్న: ఉండనియ్యి. పెట్టుమనే మాట గుడ ఆయన నోట్నే రావాలె, నీ నోట కాదు.